ఫోటోలో 40 సెంటీమీటర్లు కనపడిన గుట్ట: ఒక టిప్పర్ ఇసుక లోడు లెక్క

ఇసుక అప్పటికే దిగిపోయింది. పాత కుప్ప మీదే పోయించారు కాబట్టి, కింద కుప్పను కొలిచే దారి కూడా లేదు. చేతిలో ఉన్నవి గేటు దగ్గర వాచ్‌మన్ తీసిన రెండు ఫోటోలు, ఒక డెలివరీ చలానా. చలానాలో 18 ఘనపు మీటర్లని రాసి ఉంది.

సైట్‌లో మెటీరియల్ లెక్కలు చూసేది నేను. సరఫరాదారు తరఫు మేనేజర్ లెక్క ఇలా ఉంది: "బాడీ పొడవు 5 మీటర్లు, వెడల్పు 2.3, లోతు 1.2. పైన గుట్ట 40 సెంటీమీటర్లు, ఫోటోలో మీకే కనపడుతోంది కదండీ. మొత్తం గుణిస్తే 18.4 వస్తుంది, మేం 18 వేశాం." మా సూపర్‌వైజర్ దానికి ఒప్పుకోలేదు. "గుట్టంతా గాలే సార్. అంచు వరకే లెక్క కడదాం, 13.8 ఇద్దాం" అన్నాడు. ఒకే బండికి ఇద్దరి మధ్య నాలుగు ఘనపు మీటర్లకు పైగా తేడా. వచ్చే రెండు నెలలు ఇదే బండి రోజూ తిరుగుతుంది కాబట్టి, మొదటి రోజే దీన్ని తేల్చాలనుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు వాచ్‌మన్ ఫోన్ నుంచి అసలు ఫైల్ తెప్పించుకున్నాను. మెసేజ్ యాప్‌లో పంపితే ఫోటో కుదించుకుపోతుంది, ఏ లెన్స్‌తో తీశారన్న ఎక్సిఫ్ వివరాలు కూడా పోతాయి. ఈ లెక్కకు ఆ వివరం కావాలి. అసలు ఫైల్ 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉంది. లెన్స్ 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ లెక్కలో 26 మిల్లీమీటర్లకు సమానం.

ముందు స్కేలు కావాలి, అంటే ఫోటోలో ఎన్ని పిక్సెళ్లు ఒక మీటరో తెలియాలి. బండి మీద కొలత తెలిసిన వస్తువుల్లో టైరు ముఖ్యమైనది. డ్రైవర్‌కు ఫోన్ చేస్తే వెనక టైరు మీద రాసి ఉన్నది చదివి చెప్పాడు: 295/80R22.5. టైరు వెడల్పు 295 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 22.5 అంగుళాలు. పక్క ఎత్తు రెండుసార్లు కలిపితే 472 మిల్లీమీటర్లు, దానికి రిమ్ము 571.5 చేరిస్తే మొత్తం వ్యాసం 1.044 మీటర్లు.

ఇక్కడ చాలామంది టైరును పైనుంచి కిందికి కొలుస్తారు. లోడు ఉన్న బండికి టైరు కింద నేలకు అదుముకుపోయి ఉంటుంది కాబట్టి ఆ కొలత తప్పుతుంది. మా ఫోటోలో వెనక టైరు అడ్డంగా 402 పిక్సెళ్లు, నిలువుగా 388 ఉంది. నిలువు కొలత వాడితే ప్రతి పొడవూ మూడున్నర శాతం పెరుగుతుంది. ఘనపరిమాణంలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ గుణిస్తాం కాబట్టి చివరికి 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. అడ్డం కొలతతో మీటరుకు 385 పిక్సెళ్లు వచ్చాయి. టైరు అరిగి ఉంటే వ్యాసం ఒకటి రెండు శాతం తగ్గవచ్చు. అందుకని వెనక రెండు ఇరుసుల మధ్య దూరంతో సరిచూశాను. బండి తయారీదారు స్పెసిఫికేషన్‌లో అది 1.37 మీటర్లు, ఫోటోలో 526 పిక్సెళ్లు. భాగిస్తే మళ్లీ దాదాపు 385. ఇరుసుల దూరం అరిగేది కాదు కాబట్టి ఈ సరిపోలికతో స్కేలు మీద ధైర్యం వచ్చింది.

ఫోటో బండికి ఎదురుగా నిలబడి తీసిందా, ఏటవాలుగా తీసిందా అన్నది కూడా టైర్లే చెబుతాయి. ముందు టైరు 397, వెనక టైరు 402. ఒక శాతం తేడా ఫరవాలేదు. ఇది ఐదారు శాతం దాటితే ఆ ఫోటోతో నేను లెక్క కట్టను.

బాడీ కొలతలు దీని తర్వాత సులువే, కానీ ఒక జాగ్రత్త ఉంది. ఫోటోలో కనపడేది బయటి కొలత, ఇసుక ఉండేది లోపల. పక్క గోడ బయట 1.32 మీటర్ల ఎత్తు వచ్చింది. అందులో కింది 12 సెంటీమీటర్ల దాకా ఫ్లోరు ప్లేటు, దాని కింది అడ్డ బీములు ఉంటాయని వదిలేసి లోతు 1.20 అనుకున్నాను. పొడవు బయట 5.12, ముందు గోడ, వెనక డోరు మందం తీసేస్తే 5.0. వెడల్పు పక్క ఫోటోలో కనపడదు. వెనక నుంచి తీసిన రెండో ఫోటోలో డోరు ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి చూసి, ఎత్తు ముందే తెలుసు కాబట్టి వెడల్పు 2.4 అని లెక్కకట్టాను. రెండు పక్కలా గోడ మందం పోగా లోపల 2.3. మేనేజర్ చెప్పిన కొలతలూ ఇవే. అంటే గొడవ బాడీ గురించి కాదు, పైన గుట్ట గురించి.

అంచు పైన కనపడే ఇసుక గీతను నాలుగు చోట్ల కొలిచాను. ఎక్స్‌కవేటర్ బకెట్‌తో నింపిన లోడు నున్నగా ఉండదు. బకెట్ పడిన చోట మూపురం, మధ్యలో పల్లం ఉంటాయి. నాలుగు కొలతలు 47, 33, 42, 38 సెంటీమీటర్లు, సగటు 40. మేనేజర్ చెప్పింది అబద్ధం కాదు. ఫోటోలో కనపడేది 40 సెంటీమీటర్లే. కానీ గుట్ట నిజం ఎత్తు అది కాదు.

స్కేలు మనం టైరు మీద, అంటే బండి పక్క గోడ వరుసలో కట్టాం. గుట్ట శిఖరం మాత్రం బాడీ నడిమధ్యన, ఆ గోడకు 1.2 మీటర్ల వెనక ఉంది. దూరంగా ఉన్నది చిన్నగా కనపడుతుంది. అదొక తేడా. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. వాచ్‌మన్ ఫోన్ నేలకు మీటరున్నర ఎత్తులో ఉంది, బాడీ అంచు 2.65 మీటర్ల ఎత్తులో ఉంది. కిందనుంచి పైకి చూస్తున్నాడు కాబట్టి అంచు అడ్డొచ్చి గుట్ట కింది భాగాన్ని దాచేస్తుంది. మిద్దె గోడకు దగ్గరగా నిలబడి చూస్తే పైనున్న నీళ్ల ట్యాంకు కింది భాగం కనపడదు, వెనక్కి నడిచేకొద్దీ తేలుతూ వస్తుంది. ఇదీ అంతే.

ఈ రెండూ సరిదిద్దడానికి కెమెరా ఎంత దూరంలో ఉందో తెలియాలి. లెన్స్ వివరం ఇక్కడే పనికొచ్చింది. 26 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఈ ఫోటో పిక్సెళ్లలోకి మారిస్తే సుమారు 3000 వస్తుంది. దాన్ని మీటరుకు 385తో భాగిస్తే దూరం 7.8 మీటర్లు. తర్వాత లెక్క ఇది:

```
h = v*(D+w)/D + (R-c)*w/D
h = 0.40*(9.0/7.8) + (2.65-1.5)*1.2/7.8
h = 0.46 + 0.18 = 0.64
```

ఇందులో v ఫోటోలో కనపడిన ఎత్తు, D కెమెరా నుంచి పక్క గోడకు దూరం, w గోడ నుంచి నడిమధ్యకు దూరం, R అంచు ఎత్తు, c కెమెరా ఎత్తు. కనపడింది 40 సెంటీమీటర్లు, ఉన్నది 64. అదే గుట్టను 5 మీటర్ల దూరం నుంచి తీసి ఉంటే 29 మాత్రమే కనపడేది. 20 మీటర్ల నుంచి తీస్తే 54 కనపడేది. ఈ మూడు ఫోటోలూ పక్కపక్కన పెడితే మూడు వేర్వేరు లోడ్లని ఎవరైనా అనుకుంటారు.

సూపర్‌వైజర్ ఇది చూసి కంగారుపడ్డాడు. "అయితే వాళ్లు చెప్పినదానికంటే ఎక్కువే వచ్చిందా సార్?" అన్నాడు. ఇంకో సగం లెక్క మిగిలే ఉందని చెప్పాను.

గుట్ట పెట్టెలా ఉండదు. నాలుగు పక్కలా వాలు ఉన్న ఇంటి పైకప్పులా ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే వచ్చేదాంట్లో సగం కూడా అందులో ఉండదు. మేనేజర్ 18.4 లెక్కలో ఉన్న పెద్ద తప్పు ఇదే. రెండో తప్పు ఎవరికీ తోచదు. ఆ కప్పు సరిగ్గా అంచు దగ్గరే మొదలవుతుందని అందరూ అనుకుంటారు. కింద నిలబడి తీసిన ఫోటోలో ఇసుక గోడను ఎక్కడ తాకుతోందో కనపడదు. అంచుకు సమంగా ఉండొచ్చు, జానెడు కింద ఉండొచ్చు.

కనపడని ఆ చోటును వాలుతో పట్టుకోవచ్చు. గుట్ట వెనక కొస దిగే గీత ఫోటోలో స్పష్టంగా ఉంది. 180 పిక్సెళ్లు అడ్డం వెళ్లేసరికి 120 పిక్సెళ్లు దిగింది, అంటే మూడుకు రెండు వాలు, సుమారు 34 డిగ్రీలు. పొడి ఇసుక తనంతట తాను నిలబడే కోణం 32 నుంచి 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది, తడి ఉంటే ఇంకా నిటారుగా నిలుస్తుంది. కాబట్టి ఈ అంకె నమ్మదగ్గదే. 45 డిగ్రీలు దాటి వచ్చి ఉంటే ముందు నా కొలతనే అనుమానించేవాణ్ని. కోణం కొలిచేటప్పుడు దూరం తేడా బాధ లేదు. దూరం వల్ల అడ్డం, నిలువు రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, వాలు మారదు.

పొడవు దిక్కున ఉన్న వాలే వెడల్పు దిక్కునా ఉంటుందని తీసుకున్నాను. నడిమధ్య నుంచి లోపలి గోడకు 1.15 మీటర్లు. మూడుకు రెండు వాలుతో దిగితే 77 సెంటీమీటర్లు దిగుతుంది. శిఖరం అంచుకు 64 పైన ఉంది. అంటే ఇసుక గోడను తాకేది అంచుకు 13 సెంటీమీటర్ల కింద. లోడును రెండు ముక్కలుగా చూడాలి: కింద 1.07 మీటర్ల లోతు పెట్టె, దాని మీద 77 సెంటీమీటర్ల ఎత్తు కప్పు.

```
box  = 5.0*2.3*1.07             = 12.3
roof = (2.3*0.77/6)*(3*5.0-2.3) = 3.75
total = 12.3 + 3.75 - 0.25      = 15.8
```

చివర తీసేసిన 0.25 ముందు గోడ దగ్గర టిప్పింగ్ జాకీ కోసం బాడీలోకి చొచ్చుకొచ్చిన పెట్టెది. పక్క ఫోటోలో అది కనపడదు. వెనక ఫోటోలోనూ కనపడదు, ఇసుక కప్పేసి ఉంటుంది. ముందు జాకీ ఉన్న బండికి దాన్ని మరిచిపోకూడదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. శిఖరం ఎత్తు సరిదిద్దకుండా, గోడను తాకే చోటు కూడా పట్టించుకోకుండా, 40 సెంటీమీటర్ల కప్పును అంచు మీదే పెట్టి లెక్కించి చూశాను. జాకీ పెట్టె తీశాక 15.5 వచ్చింది. నా పూర్తి లెక్కకు చాలా దగ్గర. అది చూసి అడ్డదారే చాలు అనుకోవడం పొరపాటు. ఒక తప్పు ఎత్తును తక్కువ చూపింది, ఇంకో తప్పు ఇసుకను అంచుదాకా నింపింది, ఈ దూరంలో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. 5 మీటర్ల నుంచి తీసిన ఫోటోతో అదే అడ్డదారి 15.0 ఇస్తుంది, 20 మీటర్ల నుంచి తీస్తే 16.2. ఇసుక మారలేదు, వాచ్‌మన్ నిలబడ్డ చోటు మారింది, అంతే.

15.8 అన్న అంకెను ఒంటరిగా ఎవరి చేతికీ ఇవ్వను. ఎంత అటూ ఇటూ అన్నది కూడా చెప్పాలి. శిఖరం ఎత్తులో 5 సెంటీమీటర్లు పొరపాటు ఉంటే ఇసుక పైభాగమంతా 5 సెంటీమీటర్లు లేస్తుంది, అది 0.6 ఘనపు మీటర్లు. వాలు రెండు మూడు డిగ్రీలు తప్పితే 0.5. ఫ్లోరు మందం 3 సెంటీమీటర్లు తప్పితే 0.35. మూడూ ఒకే దిక్కుకు తప్పడం అరుదు కాబట్టి, వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే సుమారు 0.9. అంటే లోడు 14.9 నుంచి 16.7 మధ్య ఉంది. మేనేజర్ 18 దాని బయట ఉంది. మా సూపర్‌వైజర్ 13.8 కూడా బయటే ఉంది. ఈ ఫోటో అంతకంటే కచ్చితంగా చెప్పలేదు, కానీ ఈ గొడవకు అది సరిపోయింది.

మూడు రోజుల తర్వాత అదే బండి మళ్లీ వచ్చినప్పుడు సరిచూసుకునే అవకాశం దొరికింది. ఈసారి మేనేజర్‌ను కూడా రమ్మన్నాను. వాచ్‌మన్ చేత అదే చోటు నుంచి ఫోటో తీయించాను. కనపడిన సగటు ఎత్తు 37 సెంటీమీటర్లు, సరిదిద్దితే 60. వాలు ఈసారి కొంచెం తక్కువ, 33 డిగ్రీలు. ఇసుక దించకముందే నిచ్చెన ఎక్కి చూశాం. పక్క గోడల మధ్య భాగంలో ఇసుక అంచుకు 12 నుంచి 16 సెంటీమీటర్ల కింద ఉంది. లెక్క చెప్పింది 14. టేపు పట్టుకుని చూస్తున్న మేనేజర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ కొలత తన పుస్తకంలో రాసుకున్నారు.

మూలల్లో మాత్రం ఇసుక ఇంకా కిందికి, జానెడున్నర దాకా పోయింది. బకెట్‌తో పోసిన కుప్ప శంకువులా పడుతుంది, మూలలకు చేరదు. నా పైకప్పు నమూనా మూలలను కూడా నిండుగానే అనుకుంటుంది. ఈ పద్ధతి ఎప్పుడూ కొంచెం ఎక్కువ వైపే తప్పుతుందని అప్పుడు అర్థమైంది.

దించాక ఖాళీ బాడీని లోపలినుంచి టేపుతో కొలిచాం. పొడవు 5.02, వెడల్పు 2.30, లోతు 1.18. ఫ్లోరు కింద నేను అనుకున్న 12 కాదు, 14 సెంటీమీటర్లు పోయాయి. జాకీ పెట్టె 0.27. ఈ కొలతలతో రెండో లోడు ఫోటో లెక్క 15.35 ఘనపు మీటర్లు.

దాన్ని కాటాతో పోల్చాలి. కాటాలో నికర బరువు 22.4 టన్నులు. బరువును ఘనపరిమాణంగా మార్చాలంటే ఆ బండిలో ఆ రోజు ఇసుక సాంద్రత కావాలి. పుస్తకంలో అంకె తీసుకుంటే లాభం లేదు. వదులుగా పడిన చెమ్మ ఇసుక ఘనపు మీటరుకు 1.3 టన్నులు ఉండొచ్చు, నీరు కారే ఇసుక 1.9 దాటొచ్చు. బకెట్ నింపి తూచినా తప్పే. ప్రయాణంలో కుదుపులకు బండిలో ఇసుక గట్టిపడుతుంది, బకెట్‌లో వదులుగా ఉంటుంది. అందుకే దించకముందు 15 సెంటీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల పొడవున్న పైపు ముక్కను మూడు చోట్ల ఇసుకలోకి దించి, పైపులో పట్టినంతే తీసి తూచాం. పైపులో పట్టేది 3.53 లీటర్లు, ఇసుక సగటున 5.3 కిలోలు, అంటే ఘనపు మీటరుకు 1.50 టన్నులు. 22.4 టన్నులను దానితో భాగిస్తే 14.9.

ఫోటో 15.35 అంది, కాటా 14.9 అంది. తేడా సుమారు మూడు శాతం. మూలల వెలితి అందులో కొంత. మిగతాది పైపు కొలతదీ కావచ్చు, వాలుదీ కావచ్చు, విడదీసి చెప్పలేను. కొలిచిన బాడీ లోతుతో మొదటి లోడును మళ్లీ కడితే 15.6 వచ్చింది. అదే మూడు శాతం తగ్గిస్తే 15.1. ఇద్దరం మాట్లాడుకుని మొదటి ట్రిప్పును 15.3కి రాసుకున్నాం.

ఇసుకలో తేమ గురించి మేనేజర్‌తో వేరే చర్చ జరిగింది. ఐదు శాతం చెమ్మ ఉన్న సన్న ఇసుక పొడి ఇసుక కంటే పావు వంతు ఎక్కువ చోటు ఆక్రమించగలదు. ఫోటో చెప్పేది బండిలో ఇసుక ఆక్రమించిన చోటు మాత్రమే. అందులో పొడి ఇసుక ఎంత అన్నది దానికి తెలియదు, నేను కూడా దాన్నుంచి ఆ సంగతి లాగే ప్రయత్నం చేయను. లోడు చేసిన చోటు కొలతకూ మా గేటు దగ్గర కొలతకూ తేడా రావడానికి కూడా దారిలో ఇసుక అదుముకోవడమే కారణం కావచ్చు. అందుకే చలానా మీద ఎక్కడ కొలిచారో రాయమని అడిగాం.

ఇప్పుడు గేటు దగ్గర ఫోటో తీసే పద్ధతి మార్చాం. బండి ఆగే చోట నేల మీద గీత గీశాం. దానికి సరిగ్గా 12 మీటర్ల దూరంలో వాచ్‌మన్ గది మెట్లున్నాయి. తగినన్ని మెట్లెక్కి నిలబడితే ఫోన్ దాదాపు బాడీ అంచు ఎత్తుకు వస్తుంది. అప్పుడు R, c సమానమవుతాయి, లెక్కలో రెండో ముక్క సున్నా అవుతుంది, అంచు దాచే బాధ పోతుంది.  బాడీ పక్కన అర మీటరుకొక రంగు వేసిన కర్ర నిలబెట్టిస్తున్నాం, టైరు సైజు అడిగే పని లేకుండా. ప్రతి బండి బాడీని మొదటిసారి ఖాళీగా ఉన్నప్పుడు టేపుతో కొలిచి, నంబరుతో పుస్తకంలో రాసి పెట్టాం. వారానికి ఒక ట్రిప్పును కాటాకు పంపి, పైపు ముక్కతో సాంద్రత తీసి, ఫోటో లెక్క ఎటు జరుగుతోందో చూసుకుంటున్నాం.